‘లైట్ తీస్కో’ అంటే బ్లూ టిక్ పడి ఆగిపోయింది

అక్కా, మాది బొబ్బిలి, నా ఫ్రెండ్‌ది రాజాం. ఇద్దరం విజయనగరంలో ఒకే హాస్టల్ రూమ్‌లో ఉండి ఇంటర్ ఎంపీసీ చదివాం. మొన్న సెకండియర్ రిజల్ట్ వచ్చింది. నేను పాస్. దానికి మిగతావన్నీ పాసై ఫిజిక్స్ ఒక్కటే ఉండిపోయింది, 21 రావాలి, 18 వచ్చాయి. మేమిద్దరం ఎప్పుడూ ఎటకారాలాడుకుంటూనే మెసేజ్‌లు పెట్టుకుంటాం. అందుకే రిజల్ట్ రోజు సాయంత్రం ‘లైట్ తీస్కోవే, సప్లీ ఉంది కదా’ అని పెట్టి కోతి స్టిక్కర్ కూడా పెట్టాను. బ్లూ టిక్ పడింది, రెండ్రోజులైంది, రిప్లై లేదు. దాన్ని నవ్వించాలని ఉంది గానీ దాని బాధని నేను జోకు చేసీసినట్టు ఉండకూడదు. ఏ మెసేజ్‌లు పెట్టమంటారు?
— బొబ్బిలి నుంచి ఒక పాఠకురాలు

చూడమ్మా, ముందు ఆ బ్లూ టిక్ సంగతి. చదివింది అదేనని నీకు గ్యారంటీ ఉందా? రిజల్ట్స్ వచ్చిన వారంలో మన వైపు చాలా ఇళ్ళల్లో పిల్లల ఫోన్ పిల్లల చేతిలో ఉండదు, నాన్న జేబులోనో అన్నయ్య దగ్గరో ఉంటుంది, ఫెయిలైన ఇంట్లో అయితే ‘ఈ ఫోనే కదా కొంప ముంచింది’ అని బీరువాలో పెట్టి తాళం వేసినా వేస్తారు. కాబట్టి ఇక్కడ్నుంచి నువ్వు పెట్టే ప్రతి మెసేజూ వాళ్ళ నాన్నగారు చదివినా పర్లేదు అన్నట్టు ఉండాలి. హాస్టల్ గోడ దూకిన కబుర్లు, లెక్చరర్‌కి పెట్టిన నిక్‌నేములు, వాళ్ళింట్లో వాళ్ళ మీద జోకులు కొన్నాళ్ళు బంద్. నువ్వు నవ్వించబోయిన మెసేజ్‌కి దానికి ఇంట్లో ఇంకో నాలుగు చీవాట్లు పడితే ఏం లాభం.

సరే, అదే చదివింది అనుకుందాం. నీ మెసేజ్‌లో తప్పు కోతిది కాదు, పాపం అది మామూలు రోజుల్లో బాగానే పనిచేసేది. ‘లైట్ తీస్కో’ అన్నావు చూడు, అక్కడ దెబ్బ తగిలింది. ఎందుకంటే నువ్వు పాసయ్యావు. పాసైనవాళ్ళు లైట్ తీస్కో అంటే వినేవాళ్ళకి ‘నీకేం, నీది అయిపోయింది’ అని వినపడుతుంది, నీ మనసులో అది లేకపోయినా సరే. ‘సప్లీ ఉంది కదా’ కూడా అంతే, సప్లీ ఉందని దానికి తెలీదా, రిజల్ట్ చూసిన గంటలోపు ఇంట్లో పదిమంది ఆ ముక్కే చెప్పుంటారు. పైగా 18 అంటే మూడు మార్కులు. ఈ మూడు మార్కులు చాలా పాడు మార్కులమ్మా, ఐదొచ్చి పోతే మనిషి ‘సరే, రాయలేదు’ అనుకుంటాడు, మూడు తక్కువైతే మాత్రం రాత్రంతా పడుకోకుండా ఏ ప్రశ్న దగ్గర పోయాయా అని పేపరంతా మళ్ళీ రాసుకుంటూనే ఉంటాడు. అందుకే ‘మూడు మార్కులే కదే’ అని మాత్రం పొరపాటున కూడా అనకు, ఓదార్పులాగే ఉంటుంది గానీ తెగ మండుతుంది.

ఇప్పుడు నవ్వించే ముందు ఒక మామూలు మెసేజ్ పెట్టాలి. స్టిక్కర్ లేకుండా, ఎమోజీ లేకుండా, పొడుగ్గా క్షమాపణలు లేకుండా. పేజీడు సారీలు పెడితే అది నిన్ను ఓదార్చాల్సి వస్తుంది, దాని పని దానికి చాలదా. ఇలా పెట్టి చూడు:

“మొన్న లైట్ తీస్కో అనీసాను, అలా అనకూడదు. ఫిజిక్స్‌కి నువ్వెంత చదివావో పక్క మంచం మీంచి చూసినదాన్ని నేనే. బాధగానే ఉంటాది. దీనికి రిప్లై ఇవ్వక్కర్లేదు. మాట్లాడాలనిపిస్తే రాత్రి పదకొండు వరకు మెలకువగానే ఉంటాను.”

ఇందులో రెండు ముక్కలు పనిచేస్తాయి. ఒకటి పక్క మంచం. ‘నువ్వు కష్టపడ్డావ్’ అని ఎవరైనా అంటారు, దాని కష్టం కళ్ళారా చూసింది మాత్రం నువ్వొక్కదానివే, ఆ సాక్ష్యం ఇంకెవరూ ఇవ్వలేరు, ముఖ్యంగా ‘చదివితే ఎందుకు పోతాది’ అని ఇంట్లో అంటున్నప్పుడు. రెండోది రిప్లై ఇవ్వక్కర్లేదు అన్నది. ఫెయిలైన రోజుల్లో మెసేజ్‌లు వస్తుంటే ప్రతిదానికీ ‘థాంక్స్ రా’, ‘పర్లేదే’ అని కొట్టడం కూడా ఒక పరీక్షలాగే ఉంటుంది, నువ్వు ఆ పరీక్ష రద్దు చేసీసావన్నమాట. కానీ ఒక షరతు, రిప్లై వద్దన్నాక నిజంగా అడక్కూడదు. గంట పోయాక ‘చూసావా?’, ‘కోపమా?’ అని పెడితే ముందుదంతా దండగ.

ఇది పెట్టి ఒక రోజు వదిలీ. మర్నాడు సాయంత్రం మొదటి నవ్వు మెసేజ్ పెట్టు. ఇది పరీక్ష గురించి కాదు, దాని గురించి కూడా కాదు, నీ మీద నువ్వే వేసుకునేది అయి ఉండాలి. చదువుతో సంబంధం లేని నీ తిప్పలు. ‘నేనూ ఏదో గాల్లో పాసైపోయాను’ లాంటిది కాదు సుమా, గాల్లో పాసవ్వడం కూడా రాలేదా నాకు అని అది ఏడుస్తుంది. ఇంట్లో జరిగే మామూలు విషయం చాలు. ఈ నెలల్లో మీ బొబ్బిలి ఇళ్ళల్లో పనసకాయలుంటాయి కదా:

“ఇంటికొచ్చిన కాన్నుంచి మా అమ్మ నాచేత పనసకాయ కొట్టిస్తంది. చేతికి జిగురు, జుట్టుకి జిగురు, ఫోన్‌కి జిగురు. కొబ్బరినూనె సీసా అయిపోయింది గానీ జిగురు అవ్వలేదు. ఈ మెసేజ్ కూడా జిగురుతోనే వస్తంది, పట్టుకుంటే ఒగ్గదు, చూసుకో.”

దీంట్లో దాన్ని ‘నవ్వు, నవ్వు’ అని పొడిచేది ఏమీ లేదు. నవ్వితే నవ్వుతుంది, లేదంటే నీ జుట్టుకి జిగురంటుకుందన్న వార్త తెలుస్తుంది, అంతే. ఫోటో పెట్టొచ్చు కూడా, నీ అవతారం ఎంత ఘోరంగా ఉంటే అంత మంచిది. కొత్త డ్రెస్సు వేసుకుని రిజల్ట్ స్వీట్లు పంచుతున్న ఫోటో మాత్రం స్టేటస్‌లో ఉంటే ముందు అది తీసీ. మెసేజ్‌లో ఏడుపు, స్టేటస్‌లో స్వీట్లు రెండూ ఒకేసారి కనపడతాయి దానికి.

ఆ తర్వాతది ఒక్క అంకెతో జవాబు చెప్పగలిగే ప్రశ్న. ‘ఎలా ఉన్నావే’ అన్నది చాలా కష్టమైన ప్రశ్న, బాగున్నాను అంటే అబద్ధం, బాలేను అంటే పెద్ద కథ చెప్పాలి. దాని బదులు:

“అర్జెంటు. మురీ మిక్చర్‌లో టమాటా ఉండాలా ఒద్దా? మా తమ్ముడితో పందెం. ఉండాలి అంటే 1, ఒద్దు అంటే 2 కొట్టు. నీ ఓటుతోనే తీర్పు.”

రిప్లై వస్తే బహుశా ‘2’ అనే వస్తుంది, ఇంకేం ఉండదు. అదిగో అక్కడ చాలామంది చెడగొట్టుకుంటారు. ‘హమ్మయ్య రిప్లై ఇచ్చావే!! ఎంత టెన్షన్ పడ్డానో, ఇప్పుడు బానే ఉన్నావా’ అని మీద పడిపోతారు, అది మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపేసుకుంటుంది. వచ్చింది టమాటా గురించి, నువ్వూ టమాటా గురించే మాట్లాడు:

“ఓలమ్మ, రాజాం వాళ్ళకి టేస్ట్ లేదని మా తమ్ముడు అంటే నేను ఊరుకోలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడేటి చెప్పను వాడికి.”

రాజాం అంటే గుర్తొచ్చింది, మీ ఇద్దరి మధ్య పాత ఎటకారాలు ఏవో ఉంటాయి కదా, అవి బయటికి తియ్యి. ఉదాహరణకి 2022లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చీసింది, మా శ్రీకాకుళంలో ఇప్పటికీ దాని మీద పంచాయితీ ఉంది, నీ ఫ్రెండ్ కూడా ఇంకా ‘మాది శ్రీకాకుళమే’ అనే రకం అయితే దాని మీద నెలరోజులు ఆడుకోవచ్చు. పాత ఎటకారం తీస్తే ఏమవుతుందంటే, నేను నీకు ఇప్పటికీ పాత మనిషినే, నువ్వూ నాకు అంతే అని చెప్పకుండానే తెలుస్తుంది. ఫెయిలైనవాళ్ళతో అందరూ కొత్తగా మాట్లాడతారు, మెత్తగా, ఆస్పత్రిలో పేషెంటుతో మాట్లాడినట్టు, వాళ్ళకి అది కూడా ఒక నరకమే.

ఇక ఫిజిక్స్ మీద జోకు ఎప్పుడు వెయ్యాలి అంటే, అది వేసిన తర్వాత. దానికంటే ముందు నువ్వు వెయ్యొద్దు, వేశాక కూడా దానికంటే పెద్దది వెయ్యొద్దు. ఇది కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే నీలాంటి ఎటకారం పిల్లలు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు.

ఒక రాత్రి అది ఇలా పెట్టింది అనుకో: “డాప్లర్ ఎఫెక్ట్ రెండు పేజీలు రాసానే, మార్కులు నాకు దూరంగా ఎల్లిపోనాయి.”

మంచి జోకే. డాప్లర్‌లో సైరన్ దూరంగా వెళ్తుంటే దాని శ్రుతి తగ్గినట్టు వినపడుతుంది కదా, సిలబస్ తెలిసినదే వేసుకుంది. నీ చెయ్యి ఊరుకోదు, “అయితే సప్లీకి అంబులెన్స్‌లో ఎళ్ళి రాయ్” అని కొట్టాలనిపిస్తుంది. మామూలప్పుడు ఇద్దరూ పడీ పడీ నవ్వుతారు. ఇప్పుడు వద్దు. ఎందుకంటే తన మీద తను వేసుకున్న జోకు సగం నవ్వు, సగం ‘వీళ్ళు నా గురించి ఏమనుకుంటున్నారో చూద్దాం’ అనే ఎర. దాని మీద నువ్వు ఇంకోటి ఎక్కిస్తే అది నీ అభిప్రాయం అయిపోతుంది. అలాగని ‘అలా అనకే, నువ్వు చాలా తెలివైనదానివి’ అని పాఠం మొదలెడితే జోకు చచ్చిపోతుంది, ఇంకోసారి నీ దగ్గర వెయ్యదు. మరి ఏం పెట్టాలి?

“ఆ రెండు పేజీలూ రాత్రి ఒంటిగంట దాకా నాకే అప్పచెప్పావు కదే, నిద్దట్లో కూడా నాకొచ్చీసింది. డాప్లర్‌కి విశ్వాసం లేదు.”

తప్పు డాప్లర్‌ది అయిపోయింది. నవ్వు ఉంది, దాని కష్టానికి సాక్ష్యం ఉంది, దాని తెలివి జోలికి నువ్వు పోలేదు. ఎప్పుడైనా అనుమానం వస్తే ఇదే చూసుకో, ఈ జోకులో తన్నులు తింటున్నది ఎవరు? డాప్లర్, పనసకాయ, మీ తమ్ముడు, నువ్వు, ఎవరైనా పర్లేదు. అది తింటుంటే డిలీట్ కొట్టు, పంపేశాక కాదు, పంపకముందే. ‘ఈ మెసేజ్ డిలీట్ అయింది’ అని కనపడితే దానికి ఇంకో రాత్రి నిద్ర పోదు.

చుట్టాల గొడవ కూడా ఇంతే. పెళ్ళిళ్ళ సీజన్, ఎక్కడికెళ్ళినా ‘ఎన్నొచ్చాయమ్మా’ అని అడిగేవాళ్ళుంటారు. ముందు దాని నోటి నుంచి ఆ బాధ రావాలి, ‘పక్కింటావిడ మళ్ళీ అడిగిందే’ అని. అప్పుడు నువ్వు దాని పక్షాన నిలబడి పెట్టొచ్చు:

“ఈసారి అడిగితే చెప్పు: ఆంటీ, మీ పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయి. ఆవిడ పరిగెడతాది. వెనక్కొచ్చి పాలే పెట్టలేదే అని గుర్తొచ్చీ లోపు నువ్వు గుమ్మం దాటీయొచ్చు.”

పేరు రాయకు, చెప్పాను కదా, ఫోన్ ఎవరి చేతిలో ఉందో తెలీదు. కాలేజీ గ్రూపులో మాత్రం ఇవేవీ పెట్టొద్దు, అది జోకు పెట్టినా నువ్వు గ్రూపులో అందుకోవద్దు, పర్సనల్‌గా వచ్చి నవ్వు. గ్రూపులో ఎవడో ఒకడు ‘సప్లీ బ్యాచ్’ అని మీమ్ పెడతాడు, దానికి నీ నవ్వు ఎమోజీ పడిందా, ఇన్నాళ్ళు చేసినదంతా పోయినట్టే. గొప్పవాళ్ళు కూడా ఫెయిలయ్యారు అని తిరిగే ఫార్వర్డులు కూడా వద్దు, వాటిల్లో సగం అబద్ధాలు, మిగతా సగం దానికి ఇప్పటికే పెద్దనాన్న పంపించే ఉంటారు.

ఒక మెసేజ్ మాత్రం జోకు లేకుండా వెళ్ళాలి, అదీ లేటు కాకుండా. రీకౌంటింగ్‌కీ, సప్లమెంటరీ ఫీజుకీ గడువు రిజల్ట్ వచ్చిన వారం పది రోజుల్లోనే అయిపోతుంది, సప్లీ పరీక్షలు మే నెలలోనే ఉంటాయి. బాధలో ఉన్న మనిషి డేట్లు చూసుకోదు. రీకౌంటింగ్ అంటే ఉన్న మార్కులు మళ్ళీ కూడి చూస్తారు అంతే, రీవెరిఫికేషన్ కడితే జవాబు పత్రం స్కాన్ కాపీ వస్తుంది, మూడు మార్కుల దగ్గర ఆగినవాళ్ళకి ఆ కాపీ చూసుకుంటేనే మనసు కుదుటపడుతుంది. కానీ మార్కులు కలుస్తాయని నువ్వు ఆశ పెట్టకు, రీవెరిఫికేషన్ రిజల్ట్ కోసం చూస్తూ సప్లీ ఫీజు కట్టకుండా ఉండనివ్వకు, రెండూ కట్టుకోవడమే క్షేమం. కాలేజీకి ఫోన్ చేసి డేట్లు నువ్వే కనుక్కుని, “రీవెరిఫికేషన్‌కి ఈ డేట్, సప్లీ ఫీజుకి ఈ డేట్. కడితే నేనూ కాలేజీకి వస్తాను, నీ ఇష్టం” అని ఒక్కసారి పెట్టు. దీని కింద పనసకాయ ఫోటో పెట్టొద్దు. జోకుల్లో కలిపితే పని మెసేజ్ ఏదో ఎటకారం మెసేజ్ ఏదో తెలీక రెండూ చదవడం మానేస్తుంది.

ఎన్ని పెట్టాలి అంటే రోజుకొకటి చాలు, సాయంత్రం పూట. పొద్దున్నే వద్దు, ఫెయిలైనవాళ్ళకి నిద్ర లేచిన మొదటి అరగంట చాలా చెడ్డది, అప్పుడు వచ్చిన జోకు దెయ్యంలా కనపడుతుంది. పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? కన్నీళ్ళొచ్చేలా నవ్వే ఎమోజీ ఒక్కటే వస్తుంటే నమ్మకు, అది ‘చూసాను, వదిలేయ్’ అని చెప్పే మర్యాద. ‘మ్మ్’, ‘సర్లే’ కూడా అంతే, అలాంటివి వరసగా రెండు వస్తే ఒక రోజు ఆగు. మాటలు వస్తున్నాయా, తిరిగి నిన్ను తిడుతుందా, ‘నోర్ముయ్యవే’ అందా, అడక్కుండా వాళ్ళింట్లో కుక్కపిల్ల ఫోటో పెట్టిందా, అది నిజం రిప్లై. ఏడుస్తూ వాయిస్ పెడితే టైపింగ్ ఆపి ఫోన్ చెయ్యి, ‘ఊఁ’ కొడుతూ విను, నవ్వించబోకు.

ఇంకొకటి, ఇది నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. ‘నేను ఉన్నా లేనట్టే’, ‘ఇంక అందరికీ పీడ పోతాది’, ‘నువ్వు బాగుండు, నన్ను మర్చిపో’ లాంటి మాట ఒక్కటి వచ్చినా, నవ్వు ఎమోజీతో వచ్చినా సరే, ఆ క్షణం నుంచి జోకులు లేవు. వెంటనే ఫోన్ చేసి, ‘చచ్చిపోవాలనిపిస్తుందా’ అని సూటిగా అడుగు, అడిగితే లేని ఆలోచన వస్తుందేమోనని భయపడకు, అలా జరగదు. ఎవరికీ చెప్పొద్దు అని ఒట్టు వేయించుకుంటే వెయ్యకు. వాళ్ళ అమ్మగారికో, అది నమ్మే పెద్దవాళ్ళకో ఆ నిమిషమే చెప్పు, ఒంటరిగా ఉండనివ్వొద్దని చెప్పు. ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు, అది చెయ్యకపోతే ఏం చెయ్యాలో అడగడానికి నువ్వే చెయ్యొచ్చు. ప్రమాదం ఇప్పుడే అనిపిస్తే 112. అది తర్వాత నీ మీద అలిగితే అలగనీ, నెలరోజులు మాట్లాడకపోయినా ఏం కాదు.

ఇవన్నీ ఒక వారం చేసి ఆపేస్తావేమో చూసుకో. అసలు కష్టం ఆ తర్వాత ఉంది, నువ్వు ఎంసెట్ హడావిడిలో ఉంటావు, దాన్ని పలకరించే ఫోన్లు తగ్గిపోతాయి, ఇంట్లో ఎండలో కూర్చుని అవే పుస్తకాలు మళ్ళీ తియ్యాలి. అప్పుడు ‘చదువుతున్నావా’ అని కాకుండా, “సెమీ కండక్టర్స్ నాకు అప్పచెప్తావా? నేనెలాగూ మర్చిపోయాను, ఎంసెట్‌కి కావాలి. తప్పు చెప్పినా నాకు తెలీదులే” అని అడుగు. నిజంగానే నీకూ పనికొస్తుంది, రోజుకి పావుగంట ఫోన్‌లో చెప్పించుకో. సప్లీ ముందు రోజు రాత్రి ఆల్ ది బెస్ట్‌తో పాటు, “హాల్ టికెట్ బ్యాగులో పెట్టీసావా, మీ రాజాం బస్సుని నమ్ముకోకు, బేగి బయల్దేరు” అని పెట్టు, పరీక్ష అయ్యాక మాత్రం ‘ఎలా రాసావ్’ అని అడగొద్దు, ‘తినీసావా’ అని అడుగు, పేపర్ సంగతి చెప్పాలనుంటే అదే చెప్తుంది.